తోక లేచేదాకా తలుపు తీయొద్దు

కొత్తగా తెచ్చుకున్న పిల్లి మంచం కిందికి దూరి ఎంతకీ బయటికి రాకపోతే ఇంట్లోవాళ్లకు కాలు నిలవదు. చీపురుతో అదిలిస్తారు, మెడ పట్టి లాగుతారు, ఒళ్లో కూర్చోబెట్టుకుని నిమురుతారు. భయంతో ఉన్న పిల్లికి ఇంతకు మించిన హింస లేదు. అది ముందు చోటును నమ్ముతుంది, ఆ తర్వాతే మనిషిని. ఇల్లంతా తెలియని వాసనలే అయినప్పుడు నక్కి ఉండటమే దానికి తెలిసిన రక్షణ.

అందుకని మొదట్లో దానికి ఒక్క గదే ఇవ్వాలి. జనం ఎక్కువగా తిరగని గదైతే మంచిది. ఒక మూల తిండి, నీళ్లు. వాటికి దూరంగా ఎదుటి మూల ఇసుక తొట్టి. తినేచోటికి దగ్గరగా తొట్టి పెడితే చాలా పిల్లులు దాన్ని ముట్టుకోవు. ఇంకో గోడవారగా ఓ అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి, లోపల పాత చీర ముక్క వేయాలి. నెదర్లాండ్స్‌లో ఒక సంరక్షణ కేంద్రానికి కొత్తగా వచ్చిన పిల్లుల్ని పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. దాక్కోవడానికి పెట్టె దొరికిన పిల్లులు, దొరకనివాటికంటే త్వరగా కుదుటపడ్డాయి.

గది తలుపు ఎప్పుడు తీయాలన్నది పిల్లి తోకా చెవులే చెబుతాయి. విజయవాడలో మా పిన్ని వాళ్ల పక్కింటివాళ్లు ఊరు మారుతూ తమ రెండేళ్ల ఆడపిల్లిని ఆవిడకు అప్పగించారు. మొదటి రోజు అది మంచం కింద ముడుచుకుని, తోకను ఒంటికి చుట్టుకుని, చెవుల్ని రెండు పక్కలకూ వాల్చి కూర్చుంది. భయానికి అది గుర్తు. పిన్ని దాన్ని పిలవలేదు. పేపరు పట్టుకుని నేలమీద కూర్చుని, చూపు కలిసినప్పుడల్లా కళ్లు మెల్లగా మూసి తెరిచేది. తేరిపార చూస్తే పిల్లికి బెదిరింపులా తోస్తుంది. రాత్రి అందరూ పడుకున్నాక పళ్లెం ఖాళీ చేసింది.

తర్వాత అది బయటికొచ్చి గోడలు వాసన చూడటం మొదలుపెట్టింది. చెవులు ముందుకు తిరిగాయి గానీ తోక ఇంకా కిందే ఉంది. అంతలో వంటింట్లో స్టీలు గిన్నె జారిపడింది. తోక వెంట్రుకలు ఒక్కసారిగా నిక్కబొడుచుకుని సీసాలు కడిగే బ్రష్‌లా ఉబ్బాయి. మళ్లీ మంచం కిందే. తొందరపడి హాల్లోకి వదిలి ఉంటే అది ఫ్రిజ్ వెనక్కో, వాకిలి దాటి వీధిలోకో పోయేది. కొన్నాళ్లకు పిన్ని గదిలోకి రాగానే తోక నిలువుగా ఎత్తి, చివర కాస్త వంచి, ఎదురొచ్చి కాళ్లకు రాసుకుంది. స్నేహంగా ఉన్న పిల్లి పలకరింపు అదే. ఆ రోజే హాలు తలుపు తెరుచుకుంది.

తోక ఊపడం దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. కుక్కలా సంతోషంతో ఊపుతోందనుకుంటారు. నిమురుతుండగా పిల్లి తోక కొస అదరడం మొదలైందంటే దానికి చాలని అర్థం. తోక నేలకేసి కొడుతూ, చెవులు వెనక్కి తిప్పిందంటే తర్వాత పడేది గోరే. ముఖ్యంగా పిల్లలకు ఇది నేర్పాలి: తోక కదలగానే చెయ్యి తీసెయ్యమని.

ఇక గురగుర. స్వరపేటికలో పుట్టే ఈ శబ్దం ఊపిరి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ ఆగకుండా సాగుతుంది. హాయిగా ఉన్న పిల్లి గురగురలాడుతుందన్నది నిజమే. ఆకలేసినప్పుడు దాని తీరు మారుతుంది. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో తేల్చిందేమిటంటే, తిండి అడిగే గురగురలో ఏడుపులాంటి సన్నని స్వరం కలిసి ఉంటుంది; పిల్లుల్ని పెంచనివాళ్లు కూడా ఆ తేడాను పట్టగలిగారు. నొప్పితో ఉన్న పిల్లి, భయపడిన పిల్లి కూడా గురగురలాడతాయి. కాబట్టి శబ్దం విన్నాక మిగతా ఒళ్లు కూడా చూడాలి. కాళ్లు చాపి, కళ్లు అరమోడ్చి, చెవులు సహజంగా నిలబెట్టి చేస్తే సుఖం. వీపు గూనిలా పెట్టి, చెవులు వాల్చి, తిండి ముట్టకుండా చేస్తే బాధ.

కొత్త పిల్లి మొదటి పూట తినకపోవడం మామూలే. పాత ఇంట్లో తిన్నదే పెట్టండి, ఆవుపాలు వద్దు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగక విరేచనాలవుతాయి. ఒక రోజు గడిచినా ఏమీ ముట్టకపోతే పశువైద్యుడికి ఫోన్ చేయాలి. తిండి మానేసిన పిల్లికి, అందులోనూ లావుగా ఉన్నదానికి, కొద్ది రోజుల్లోనే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. మగపిల్లి తొట్టిలో పదేపదే కూర్చుని ముక్కుతూ చుక్క మూత్రం కూడా పోయకపోతే తెల్లవారేదాకా ఆగకూడదు, అప్పుడే తీసుకెళ్లాలి. ఒళ్లు వేడిగా ఉందని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వేయనే వేయకండి. పిల్లికి అది విషం, ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు.

ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాక కూడా ఆ గదిలో అట్టపెట్టెను, తొట్టిని కొన్ని వారాలు కదపకండి. చుట్టాలొచ్చినప్పుడు, టపాసులు పేలినప్పుడు అది మళ్లీ అక్కడికే పరిగెడుతుంది.