మొలక శాతం ఒకటే, సత్తువ వేరు: సోయా విత్తన వర్తకులకు సూచన

సోయా చిక్కుడు ధ్రువీకృత విత్తనానికి మొలక 70 శాతానికి తగ్గరాదన్నది ప్రమాణం. చీటీపై అంకె దానిని దాటితే సరకు చేతులు మారుతుంది. కానీ 78 శాతం చూపిన రెండు లాట్లలో ఒకటి ఆదిలాబాద్ నల్లరేగళ్లలో నిండుగా మొలిచి, రెండవది పలచగా మొలవటం వింత కాదు.

మొలక పరీక్ష తడి కాగితంలోనో ఇసుకలోనో, సుమారు 25 డిగ్రీల వేడిమిలో 8 రోజులు జరుగుతుంది. అక్కడ విత్తనానికి ఏ ఇబ్బందీ లేదు. ఆలస్యంగానైనా సరిగా మొలిచిన బలహీనపు గింజ కూడా లెక్కలోకి వస్తుంది. పొలంలో విత్తిన వెంటనే వాన పడి నేల గట్టిపడితే, ఆ గింజ పైకి రాలేక బూజు పాలవుతుంది. నిల్వలో ముందు తగ్గేది సత్తువ. మొలక శాతం తరువాత పడిపోతుంది.

ఈ తేడాను టెట్రజోలియం పరీక్ష ఒకటి రెండు రోజుల్లో పట్టిస్తుంది. గింజలను రాత్రంతా తడి కాగితంలో నానబెట్టి, రంగులేని టెట్రజోలియం ద్రావణంలో 35–40 డిగ్రీల వద్ద చీకటిలో సుమారు మూడు గంటలు ఉంచుతారు. శ్వాసించే కణాలు ఆ ద్రావణాన్ని ఎర్రగా మారుస్తాయి. తరువాత గింజను బద్దలుగా చీల్చి చూస్తారు. సమంగా లేత ఎరుపు ఉంటే ఆరోగ్యం, ముదురు ఎరుపు ఉంటే దెబ్బ, తెల్లగా మెత్తబడితే మృతభాగం.

ఉదాహరణకు, రెండు లాట్ల నుంచి 100 గింజల చొప్పున పరీక్షించగా రెంటిలోనూ 80 బతికినవే అనుకుందాం. మొదటి లాటులో 66 గింజలు మచ్చలేనివి, 14 స్వల్పంగా దెబ్బతిన్నవి. రెండవ దానిలో మచ్చలేనివి 38 మాత్రమే; మిగిలిన 42 గింజలకు మొలక భాగం దగ్గరో, పప్పు బద్దల మీదో మచ్చలున్నాయి. బతికిన గింజల మొత్తం ఒకటే అయినా సరకు ఒకటి కాదు.

మచ్చ తీరు కారణం కూడా చెబుతుంది. అంచు తేలిన మచ్చ నూర్పిడి యంత్రపు దెబ్బ. బాగా ఎండిన కాయను వేగంగా నూరిస్తే ఇది ఎక్కువ. గింజ కన్నుకు ఎదురువైపు, రెండు బద్దల మీదా ముడతల రూపంలో ఉంటే, కోతకు ముందు వానకు తడిసి ఎండిన గుర్తు.

ఈ పరీక్షకు హద్దులున్నాయి. గింజపై బూజును, విత్తనశుద్ధి మందు చేసిన హానిని ఇది చూపదు. ఫలితం చూసేవారి అనుభవంపై ఆధారపడుతుంది. అనుమానం ఉంటే 41 డిగ్రీల వేడిమిలో, నిండు తేమలో 72 గంటలు ఉంచి, ఆపై మొలక చూడాలి. బలహీనపు లాటు ఇక్కడ దిగజారుతుంది.

కనుక కొనుగోలుదారులు బతికిన గింజల మొత్తాన్ని కాక, మచ్చలేనివి ఎన్ని, దెబ్బతిన్నవి ఎన్ని అని విడివిడిగా అడగాలి. నివేదిక నిల్వకు ముందుదా, తరువాతదా చూడాలి. రెండవ లాటు వంటి సరకును విత్తనంగా వచ్చే ఏడాదికి నిల్వ చేయరాదు. మందు పట్టించక ముందే నూనె మిల్లు ధరకు వదులుకోవటం మేలు. మందు పట్టించాక ఆ దారి మూసుకుపోతుంది.