లాభం వచ్చింది, డబ్బు రాలేదు

"ఆడిటర్ గారూ, పన్ను పోను ఇరవై తొమ్మిది లక్షల లాభం అంటున్నారు. మరి ఇరవయ్యో తారీఖున జీఎస్టీ కట్టడానికి నేను మా బావమరిది దగ్గర చేబదులు ఎందుకు తేవాల్సి వస్తోంది?"

విజయవాడ వన్‌టౌన్‌లో ఎలక్ట్రికల్ సరుకు హోల్‌సేల్ చేసే ఒక వ్యాపారి నన్నడిగిన మాట ఇది. పేరు చెప్పను, అంకెలు కూడా కాస్త గుండ్రం చేశాను. వైర్లు, స్విచ్చులు, ఫ్యాన్లు, లైట్లు కంపెనీల నుంచి తెచ్చి చుట్టుపక్కల షాపులకు, కాంట్రాక్టర్లకు వేస్తారు. ఏడాదికి 12 కోట్ల అమ్మకం. ముందటేడు 9 కోట్ల 60 లక్షలు. వ్యాపారం పెరుగుతోంది, లాభం పెరుగుతోంది, చేతిలో మాత్రం డబ్బు ఆడటం లేదు. సొంత మనుషులెవరైనా డబ్బు తినేస్తున్నారేమో అన్న అనుమానం కూడా ఆయనకు వచ్చింది. పాపం, గుమాస్తా తప్పేమీ లేదు.

లాభనష్టాల పట్టీలో బిల్లు కొట్టిన రోజే అమ్మకం పడిపోతుంది, లాభమూ పడిపోతుంది. డబ్బు ఎప్పుడొస్తుందో ఆ పట్టీకి పట్టదు. అందుకే దాని పక్కన ఇంకో లెక్క పెట్టుకోవాలి. కంపెనీకి మనం కట్టిన రూపాయి తిరిగి మన గల్లాపెట్టెలో పడటానికి ఎన్ని రోజులు పడుతోంది? దీన్నే క్యాష్ కన్వర్షన్ సైకిల్ అంటారు. 1980లో రిచర్డ్స్, లాఫ్లిన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఈ పద్ధతిని ఒక వ్యాసంలో వివరించాక ఫైనాన్స్ పుస్తకాల్లో స్థిరపడింది. చెయ్యడం కష్టం కాదు. సరుకు గొడౌన్‌లో ఉన్న రోజులకు బాకీ వసూలయ్యే రోజులు కలపాలి. కంపెనీ మనకిచ్చిన అరువు రోజులు అందులోంచి తీసెయ్యాలి.

ఆయన లెక్క ఇలా తేలింది. ఏడాదిలో కొన్న సరుకు 10 కోట్ల 80 లక్షలు, గొడౌన్‌లో సగటున ఉన్నది కోటీ 80 లక్షలు. అంటే సరుకు 61 రోజులు కూర్చుంటోంది. ఖాతాదారుల దగ్గర సగటు బాకీ 2 కోట్ల 40 లక్షలు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. బాకీలో జీఎస్టీ కలిసే ఉంటుంది కాబట్టి దాన్ని జీఎస్టీ కలిపిన అమ్మకంతోనే పోల్చాలి, లేకపోతే వసూలు రోజులు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తాయి. 18 శాతం కలిపితే అమ్మకం 14 కోట్ల 16 లక్షలు, దాని మీద బాకీ 62 రోజులు. కంపెనీలకు ఇవ్వాల్సింది సగటున 84 లక్షలు. జీఎస్టీతో కలిపి కొనుగోలు 12 కోట్ల 74 లక్షలు కాబట్టి అది 24 రోజుల అరువు. 61కి 62 కలిపి 24 తీసేస్తే 99.

సగటు అన్న మాటను నేను ఊరికే వాడలేదు. చాలా ఆఫీసుల్లో మార్చి 31 నాటి అంకెలు పట్టుకుని ఈ లెక్క చేసేస్తారు. మార్చిలో కంపెనీ టార్గెట్ కోసం సరుకు దించేస్తుంది, మనవాళ్లేమో వసూళ్ల మీద పడతారు. ఆ ఒక్క రోజు ఫొటో చూసి ఏడాది ఆరోగ్యం చెప్పలేం. పన్నెండు నెలాఖరుల నిల్వలు తీసి సగటు కడితేనే నిజం తెలుస్తుంది.

ఈ 99 రోజులను రూపాయల్లోకి మారిస్తే ఆయన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. సరుకులో, బాకీల్లో ఉన్న డబ్బులోంచి కంపెనీల అరువు తీసేస్తే 3 కోట్ల 36 లక్షలు వ్యాపారంలో ఇరుక్కుని ఉంది. ముందటేడు కూడా రోజులు ఇన్నే. అమ్మకం తక్కువ కాబట్టి అప్పుడు ఇరుక్కున్నది 2 కోట్ల 69 లక్షలు. అంటే వ్యాపారం పాతిక శాతం పెరిగినందుకు ఒక్క ఏడాదిలో 67 లక్షలు కొత్తగా పెట్టాల్సి వచ్చింది. లాభం 29 లక్షలు, అందులో ఇంటి ఖర్చులకు వాడుకున్నది 15. మిగిలింది 14. తక్కువ పడ్డ 53 లక్షలు ఎక్కడి నుంచి రావాలి? కొంత బ్యాంకు సీసీ నుంచి వచ్చింది, కొంత బావమరిది నుంచి. ఆయన లాభం ఎక్కడికీ పోలేదు, ఫ్యాన్ల డబ్బాలుగా, కాంట్రాక్టర్ల ఖాతాలుగా మారింది. ఇదే తీరున వచ్చే ఏడాది మరో పాతిక శాతం పెరిగితే కరువు ఇంకా ముదురుతుంది.

సగటు దగ్గర ఆగిపోతే మందు దొరకదు. అందుకని గొడౌన్‌ను మూడు భాగాలుగా విడదీశాం. వైర్లు, స్విచ్చులు 36 రోజుల్లో తిరిగిపోతున్నాయి, వాటిని ముట్టుకోనక్కర్లేదు. ఫ్యాన్లు, మామూలు లైట్లు 96 రోజులు ఉంటున్నాయి. వేసవి ముందు స్కీము అని కంపెనీ ఆశ పెడితే, అమ్ముడుపోయేదానికన్నా ఎక్కువ దించుకోవడమే దీనికి కారణం. మూడోది పైఅంతస్తులో ఉన్న ఫ్యాన్సీ లైట్లు. నిచ్చెనెక్కి చూశాను. అట్టపెట్టెల మీద దుమ్ము, కొన్నింటి మీద రెండేళ్ల కిందటి బ్యాచ్ స్టిక్కర్లు. విలువ 36 లక్షలు, ఏడాదిలో వాటి కొనుగోలు 30 లక్షలే. అంటే 438 రోజుల సరుకు. మొత్తం సగటు 61 అని చూసుకుని ఆయన ఇంతకాలం నిశ్చింతగా ఉన్నారు.

బాకీల్లోనూ ఇదే కథ. షాపుల వాళ్లు 40 రోజుల్లో ఇస్తున్నారు, కాంట్రాక్టర్లు 95 రోజులు. ఒక కాంట్రాక్టర్ ఖాతా ముందేసుకుని కూర్చున్నాం. ప్రతి రెండు మూడు వారాలకూ రెండు లక్షలో, లక్షన్నరో గుండ్రంగా జమ పడుతోంది. సేల్స్‌మన్ అది చూసి "మంచి పార్టీ సార్, డబ్బు కదులుతూనే ఉంది" అంటున్నాడు. ఆ జమలు ఏ బిల్లుకూ కట్టకుండా ఆన్ అకౌంట్‌గా పడి ఉన్నాయి. ఒక్కొక్క బిల్లుకూ జమ సర్దుకుంటూ వస్తే, 140 రోజుల కిందటి బిల్లు ఒకటి పూర్తిగా అలాగే నిలబడి ఉంది. స్విచ్ ప్లేట్లు కొన్ని తిరిగి పంపామని కాంట్రాక్టర్, రాలేదని గొడౌన్ వాళ్లు. ఆ తగవు తేల్చేవాళ్లు లేక ఐదు లక్షల బిల్లు ఆగిపోయింది. గుండ్రంగా పడే జమలు ఎప్పుడైనా అనుమానించదగ్గవే. బిల్లు చూసి కట్టేవాళ్ల జమలో పైసల దాకా అంకె ఉంటుంది.

కాంట్రాక్టర్ల మీద మార్జిన్ ఎక్కువ కదా అని ఆయన అడ్డుపడ్డారు. నిజమే, షాపుల మీద 9 శాతం వస్తే కాంట్రాక్టర్ల మీద 11న్నర. కానీ డబ్బు 55 రోజులు ఆలస్యంగా వస్తుంది, సీసీ వడ్డీ 11 శాతం. ఆ ఎక్కువ రెండున్నర శాతంలో దాదాపు రెండు శాతం వడ్డీకే పోతోంది. మిగిలిన అర శాతంతో మొండి బాకీల నష్టం భరించాలి. పైగా 90 రోజులు దాటిన బాకీలను బ్యాంకులు సాధారణంగా డ్రాయింగ్ పవర్‌లో లెక్కలోకి తీసుకోవు. అందువల్ల కాంట్రాక్టర్ ఆలస్యం చేసేకొద్దీ సీసీలో వాడుకునే వీలు కూడా తగ్గిపోతుంది. చిన్న తయారీదారులకు 45 రోజుల్లో చెల్లించాలన్న ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ చట్టం రక్షణ హోల్‌సేల్ వ్యాపారికి వర్తించదు. 2021లో వ్యాపారులకు మళ్లీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇచ్చినా అది బ్యాంకుల ప్రాధాన్య రుణాల వరకే. కాబట్టి తన బాకీ గడువును తానే కాపాడుకోవాలి.

ఇక మూడో కాలు, కంపెనీల అరువు. దీన్ని సాగదీయమని పుస్తకాలు చెబుతాయి. నేను ఆయనకు దానికి వ్యతిరేకంగా చెప్పాను. వైర్ల కంపెనీ ఏడు రోజుల్లో కడితే 2 శాతం క్యాష్ డిస్కౌంట్ ఇస్తుంది. ఏడాది కొనుగోలులో 6 కోట్ల సరుకుకు ఈయన అది వదులుకుని, సగటున 38వ రోజున కడుతున్నారు. 31 రోజుల అరువు కోసం 2 శాతం పోగొట్టుకోవడమంటే ఏడాదికి 24 శాతం వడ్డీ ఇచ్చినట్టే. సీసీ వడ్డీ 11 శాతమే అయినా సీసీ నిండిపోయి ఉంది కాబట్టి డిస్కౌంట్ తీసుకోలేకపోతున్నారు. ఏడాదికి 12 లక్షలు ఇలా పోతోంది. డబ్బు కరువుకు ఆయన కడుతున్న అసలు జరిమానా ఇదే.

దారి కూడా ఈ లెక్కలోంచే వచ్చింది. కాంట్రాక్టర్లకు 65 రోజుల గడువు పెట్టి, దాటితే తర్వాతి లోడు ఆపడం. ఒక్క రోజు తగ్గితే లక్షా 55 వేలు చేతికొస్తుంది, 30 రోజులకు 46 లక్షలు. ఇద్దరు కాంట్రాక్టర్లు కోపంతో వెళ్లిపోయారు, వాళ్లలో ఒకరు నాలుగు నెలలకు తిరిగొచ్చారు. ఫ్యాన్లను ఒకేసారి కాకుండా రెండు విడతలుగా దించుకుంటే 17 లక్షలు. ఫ్యాన్సీ లైట్లలో 20 లక్షల సరుకును 14 లక్షలకే తెగనమ్మారు. ఆరు లక్షల నష్టం రాయడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు, వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. అయినా ఆ సరుకు అప్పటికే అంత నష్టంలో ఉంది, పుస్తకంలో రాయలేదంతే.

మొత్తం 77 లక్షలు విడుదలయ్యాయి. అందులో 60 లక్షలు వైర్ల కంపెనీకి ఏడు రోజుల్లో కట్టడానికే సరిపోయాయి. మళ్లీ లెక్క కడితే సరుకు 48 రోజులు, బాకీ 50, అరువు 7. సైకిల్ 91 రోజులు.

"ఇంత చేసి ఎనిమిది రోజులేనా తగ్గింది?" అన్నారాయన. అరువు కాలాన్ని మనమే కావాలని తగ్గించుకున్నాం, అందుకే అంకె పెద్దగా కదల్లేదు. సైకిల్ ఒక్కటే చూసేవాళ్లకు ఇది చిన్న మార్పు. ఆయన పట్టీలో మాత్రం ఏటా 12 లక్షల డిస్కౌంట్ చేరింది. మిగిలిన 17 లక్షల్లో ముందుగా బావమరిది చేబదులు తీర్చారు. ఇప్పుడు ప్రతి శనివారం గుమాస్తా బాకీల పట్టీ తీసి, 60 రోజులు దాటిన ప్రతి బిల్లు పక్కనా ఆపిన కారణం పెన్నుతో రాసి ఆయన బల్ల మీద పెడుతున్నాడు. ఆ స్విచ్ ప్లేట్ల తగవు మొదటి వారంలోనే తేలింది. ప్లేట్లు గొడౌన్‌లోనే, వేరే పార్టీ పేరున్న బస్తాలో దొరికాయి.