ల్యాబ్ ఫోన్ హోల్డ్‌లో ఉన్నప్పుడు

డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఫోన్ల రద్దీ పొద్దున్నే మొదలవుతుంది. పరగడుపున రక్తం ఇచ్చేవారంతా ఆ వేళకే వస్తారు. రిసెప్షన్‌లో ఉన్నవారు ఎదుటివారికి బిల్లు రాస్తూనే ఫోన్ ఎత్తాలి. అందుకే కాల్ హోల్డ్‌లో పడుతుంది. అప్పుడు వినిపించే రికార్డింగే హోల్డ్ మెసేజ్. అసలెవరూ ఎత్తలేనప్పుడు పలికేది వాయిస్‌మెయిల్.

ఫోన్ చేసేవారి సందేహాలు దాదాపు ఒక్కటే: ఏమీ తినకుండా రావాలా, మంచినీళ్లు తాగొచ్చా, రిపోర్ట్ ఎప్పుడిస్తారు? ఆ సమయంలో "మాది అత్యాధునిక ల్యాబ్" అని వినిపిస్తే విసుగే మిగులుతుంది. సందేహం తీర్చే మాటలోనే సేవను కూడా చెప్పడం మంచి పద్ధతి.

ఇంటికి వచ్చి శాంపిల్ తీసుకునే ఒక ల్యాబ్ మెసేజ్ ఇలా ఉండవచ్చు: "పరగడుపు షుగర్ పరీక్షకు కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్లు తాగవచ్చు. రాలేని పెద్దవారికి ఉదయం 6 నుంచి మేమే ఇంటికి వచ్చి రక్తం తీసుకుంటాం." తరువాతిది: "హెచ్‌బీఏ1సీ పరీక్షకు పరగడుపు అవసరం లేదు. సాయంత్రం కూడా చేయించుకోవచ్చు. రాత్రి 8 దాకా మేముంటాం." రెండో మెసేజ్ వల్ల ల్యాబ్‌కు ఇంకో మేలుంది. పొద్దున రావాల్సిన పనిలేనివారు సాయంత్రానికి మారితే ఉదయం రద్దీ కొంత తగ్గుతుంది. అయితే మందులు ఆపమనో, వేసుకోమనో రికార్డింగ్ చెప్పకూడదు. అది డాక్టర్ చెప్పాల్సిన మాట.

ఎవరు ఎప్పుడు ఫోన్ ఎత్తుతారో తెలియదు కాబట్టి ఒక్కో మెసేజ్ 15, 20 సెకన్లలో ముగియాలి, విడిగా విన్నా అర్థం కావాలి. మామూలు ఫోన్ లైన్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ శబ్దాలనే మోస్తుంది. వెనక సంగీతం పెడితే మాటలు అందులో కలిసిపోతాయి. సినిమా పాట పెట్టాలంటే హక్కుదారుల అనుమతి కూడా కావాలి. రికార్డింగ్ ఎలా ఉందో ఆఫీసు గదిలో కాక, రోడ్డు మీద మామూలు మొబైల్‌తో విని చూడాలి. మెసేజ్ పెట్టాక కూడా "నీళ్లు తాగొచ్చా" అని అందరూ అడుగుతూనే ఉంటే ఆ వాక్యాన్ని మొదటికి తేవాలి.

స్కానింగ్ చేసే సెంటర్లకు ఒక హద్దుంది. గర్భంలోని శిశువు లింగం చెబుతామన్న సూచన కూడా ప్రకటనలో ఉండరాదని 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం చెబుతోంది.

వాయిస్‌మెయిల్‌లో ప్రచారం ఒక్క వాక్యం దాటకూడదు. సెంటర్ పేరు, పనివేళలు చెప్పి, పేరు, ఫోన్ నంబర్, బిల్లు నంబర్ వదలమనాలి. తిరిగి ఎప్పటిలోగా ఫోన్ చేస్తారో చెప్పాలి, ఆ గడువు తప్పకూడదు. అత్యవసరమైతే 108కి చేయమని కూడా ఉండాలి. పరీక్ష ఫలితాన్ని మాత్రం ఎవరి వాయిస్‌మెయిల్‌లోనూ వదలకూడదు. దాన్ని ఇంట్లో ఎవరైనా వినవచ్చు.