429 వచ్చాక ఏం జరగాలి?

ఫోన్‌లో యాప్ తెరిచి ఏదైనా వివరం అడిగితే, అది వెనకనున్న సర్వర్‌కు రిక్వెస్ట్ పంపుతుంది. ఆ రిక్వెస్ట్ వెళ్లే ద్వారమే ఏపీఐ. ఒక్కరే అదే పనిగా అడుగుతూ పోతే మిగతావాళ్లకు సర్వర్ అందదు. అందుకే మనిషికింత అని పరిమితి పెడతారు. లాగిన్ కాకుండా గిట్‌హబ్ ఏపీఐని వాడేవాళ్లకు ఒక్కో ఐపీ అడ్రసు మీద గంటకు 60 రిక్వెస్టులే దక్కుతాయి.

మన సొంత ఏపీఐలో నిమిషానికి 60 అని పెట్టామనుకుందాం. 60 రిక్వెస్టులకూ జవాబు రావాలి, 61వది వెనక్కి రావాలి. చాలామంది టెస్టర్లు ఇది చూసి పని అయిపోయిందనుకుంటారు. నా దృష్టిలో అసలు పని అప్పుడే మొదలవుతుంది. వెనక్కి వచ్చిన జవాబు ఇలా ఉంటుంది:

```
HTTP/1.1 429 Too Many Requests
Retry-After: 23
```

అంటే 23 సెకన్లు ఆగి రమ్మని. పది సెకన్లకే మళ్లీ అడిగి చూడండి. 429 రావాలి, అంకె మాత్రం 13 దగ్గరికి దిగాలి. దిగకుండా మళ్లీ 60కి ఎగబాకితే, తొందరపడ్డ ప్రతిసారీ శిక్ష పెరుగుతోందన్నమాట. కావాలని అలా పెట్టి ఉంటే ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లో రాయాలి. లేదంటే అది బగ్గే.

గడువు తీరాక మొదటి రిక్వెస్ట్ వెళ్లడమొక్కటే చాలదు, పూర్తి కోటా తిరిగి రావాలి. ఇక్కడే రెండు తప్పులు దొరుకుతాయి. నిమిషం మొదట్లో ఒక రిక్వెస్ట్, 59వ సెకనులో 59, 61వ సెకనులో మరో 60 పంపండి. అన్నీ వెళ్లిపోతే రెండు మూడు సెకన్లలో 119 రిక్వెస్టులు లోపలికి వచ్చినట్టే. సర్వర్ తట్టుకోగలదా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి.

రెండోది ఇంకా ప్రమాదకరం. లెక్కను రెడిస్‌లో ఉంచేవాళ్లు తరచుగా ఇలా రాస్తారు:

```
INCR user:42
EXPIRE user:42 60
```

మొదటి రిక్వెస్ట్ వచ్చినప్పుడు మాత్రమే రెండో కమాండ్ నడుస్తుంది. ఈ రెండింటి మధ్య ప్రోగ్రామ్ ఆగిపోతే, లెక్క మొదలవుతుంది గానీ గడువు పడదు. ఆ వాడుకరి 60 దాటిన రోజు నుంచి ఎంత ఆగినా 429 తప్ప ఇంకేమీ చూడడు. `TTL user:42` అని అడిగితే `-1` వస్తుంది, అంటే ఆ లెక్కకు గడువే లేదు. రెండు కమాండ్లనూ ఒకే లువా స్క్రిప్టులో పెడితే ఈ సందు మూసుకుపోతుంది.

నిమిషం పాటు ఆగాలన్న విసుగుతోనే ఈ టెస్టులు రాయకుండా వదిలేస్తుంటారు. టెస్ట్ సర్వర్‌లో గడువును 5 సెకన్లకు తగ్గించి అయినా సరే, రాయండి.