నాలుగు మరణాలు, పద్నాలుగు మరణాలు: తేడా మందుదా, యాదృచ్ఛికమా?

1947లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ దొరకడమే గగనం. ఆ కొద్దిపాటి మందుతోనే అక్కడి మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఒక ట్రయల్ నడిపింది. రెండు ఊపిరితిత్తులకూ పాకి, రోజురోజుకీ ముదురుతున్న క్షయతో ఉన్న 107 మంది యువ రోగులను తీసుకున్నారు. వారిలో 55 మందికి మంచంపట్టున విశ్రాంతితోపాటు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చారు. మిగతా 52 మందికి అప్పటి వాడుక ప్రకారం విశ్రాంతి ఒక్కటే చికిత్స. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో వైద్యుడు నిర్ణయించలేదు. గణాంక శాస్త్రవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ యాదృచ్ఛిక సంఖ్యల ఆధారంగా ముందే సిద్ధం చేసి ఉంచిన సీలు కవర్లు నిర్ణయించాయి. ఆరు నెలలు గడిచేసరికి మందు తీసుకున్నవారిలో నలుగురు, తీసుకోనివారిలో పద్నాలుగురు చనిపోయారు. అంటే మరణాలు ఒకవైపు 7 శాతం, మరోవైపు 27 శాతం. ఈ ఫలితాలు 1948లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి.

తేడా కంటికి కనిపిస్తూనే ఉంది. అయినా ఒక సందేహం మిగులుతుంది. మందుకు ఏ గుణమూ లేకపోయినా, బతికే రాత ఉన్నవారు కవర్ల వాటంలో ఎక్కువమంది ఒకే గుంపులో పడి ఉండవచ్చు కదా? హైపోథిసిస్ టెస్టింగ్, పి విలువ, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ అన్నీ ఈ సందేహం దగ్గరే మొదలవుతాయి.

మందు పనిచేయదనుకుంటే

పరీక్ష ఎప్పుడూ ఒక ప్రతికూలమైన ఊహతో ఆరంభమవుతుంది. ‘స్ట్రెప్టోమైసిన్ ఇచ్చినా ఇవ్వకపోయినా మరణాలలో తేడా ఉండదు’ అన్నదే ఇక్కడి ఊహ. దీన్ని నల్ హైపోథిసిస్, తెలుగులో శూన్య పరికల్పన అంటారు. పరిశోధకులు దీన్ని నమ్ముతారని కాదు. ఇది నిజమైతే ఏం జరగాలో కచ్చితంగా లెక్కకట్టవచ్చు కాబట్టి దీన్ని ముందు నిలబెడతారు. మందు పనిచేస్తుందని ఊరికే అనుకుంటే ఎంత పనిచేస్తుందో చెప్పలేం, లెక్క ముందుకు సాగదు. పనిచేయదనుకుంటే మాత్రం లెక్క తేలిక. ఆ 18 మంది ఏ గుంపులో ఉన్నా చనిపోయేవారే, వారిని రెండు గుంపులకు పంచింది కవర్లు మాత్రమే.

ఈ ఊహను పేకముక్కలతోనే పరీక్షించవచ్చు. 107 ముక్కలు తీసుకుని 18 ముక్కల మీద నల్లచుక్క పెట్టాలి, అవి మరణాలు. బాగా కలిపి 55 ముక్కలను ఒకవైపు, 52 ముక్కలను మరోవైపు పంచాలి. 55 ముక్కల కట్టలో సగటున తొమ్మిది దాకా చుక్కలు పడతాయి. ఒక్కోసారి ఏడు, ఒక్కోసారి పదకొండు పడటం మామూలే. కానీ నాలుగో అంతకన్నా తక్కువో పడటం అరుదు. వెయ్యిసార్లు పంచితే సుమారు ఆరుసార్లు అలా జరుగుతుంది. మందు మేలు చేసినట్టు కాక కీడు చేసినట్టు కనిపించే, ఇంతే విడ్డూరమైన పంపకాలు మరో రెండు మూడు ఉంటాయి. రెండూ కలిపితే వెయ్యికి తొమ్మిది. ఇదే ఈ ట్రయల్ పి విలువ, 0.009. నాటి పరిశోధకులు కూడా ఇలాంటి తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం నూటికి ఒకటికన్నా తక్కువని రాశారు.

పి విలువ చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

పి విలువ నిర్వచనం ఆ పేకముక్కల్లోనే ఉంది. శూన్య పరికల్పన నిజమైతే, కనిపించినంత తేడా గానీ అంతకు మించిన తేడా గానీ యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యతే పి విలువ. వాక్యం మొదట్లో ఉన్న ‘అయితే’ను మరిచిపోతే అర్థం తలకిందులవుతుంది. పి విలువ 0.009 అంటే ‘మందు పనిచేయకపోయే అవకాశం వెయ్యికి తొమ్మిది’ అని చాలామంది చదువుతారు. అది తప్పు. మలేరియా ఉన్నవాడికి చలిజ్వరం వచ్చే అవకాశం వేరు, చలిజ్వరం వచ్చినవాడికి మలేరియా అయి ఉండే అవకాశం వేరు. రెండోది ఆ ఊళ్లో మలేరియా ఎంత ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. అలాగే, మందు పనిచేసే అవకాశం ఎంతో చెప్పాలంటే ట్రయల్‌కు ముందు దానిపై ఉన్న ఆధారాలు కూడా లెక్కలోకి రావాలి. పి విలువలో అవేవీ ఉండవు.

పి విలువ 0.05కన్నా తక్కువైతే ఫలితాన్ని ‘గణాంకపరంగా ప్రాధాన్యం కలది’ అనడం రివాజు. ఈ గీత ప్రకృతి గీసినది కాదు. 1925లో రొనాల్డ్ ఫిషర్ పరిశోధకుల కోసం రాసిన పుస్తకంతో ఇది వాడుకలోకి వచ్చింది. ఇరవైలో ఒకటి అనుకూలమైన హద్దుగా ఉంటుందని ఆయన అనుకున్నాడు. ఈ గీత పెట్టుకున్నామంటే ఒక రకం పొరపాటును ముందే ఒప్పుకున్నట్టు. ఏ గుణమూ లేని మందులను పరీక్షిస్తూ పోతే ఇరవైలో ఒకటి గీత దాటి పనిచేసినట్టు కనిపిస్తుంది. ఇది టైప్ 1 పొరపాటు. పనిచేసే మందును పనిచేయనిదిగా జారవిడవడం టైప్ 2 పొరపాటు. 0.049 వస్తే పండగ చేసుకుని 0.051 వస్తే పారేయడంలో అర్థం లేదు, ఆ రెండు ఫలితాలూ చెప్పేది దాదాపు ఒకటే.

తేడా ఎంత?

పి విలువతో యాదృచ్ఛికత ఎంతవరకు కారణమో తూచవచ్చు గానీ, మందు ఎంత మేలు చేసిందో తెలియదు. రోగి పక్కన నిలబడ్డ వైద్యుడికి కావలసింది అదే. ట్రయల్‌లో మరణాల తేడా 27 నుంచి 7 తీసేస్తే 20 శాతం పాయింట్లు. కానీ ఇది ఒక్క 107 మందిలో కనిపించిన తేడా. మరో 107 మందిని తీసుకుంటే 15 రావచ్చు, 25 రావచ్చు. అసలు తేడా ఎంత ఉండవచ్చో ఒక పరిధిగా చెప్పేదే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, విశ్వాస అంతరం. ఈ ట్రయల్‌కు 95 శాతం ఇంటర్వల్ సుమారు 6 నుంచి 34 పాయింట్లు.

ఈ 95 శాతం వలకు చెందింది, చేపకు కాదు. అసలు తేడా అనే చేప ఒకేచోట ఉంటుంది. ట్రయల్‌ను మళ్లీ మళ్లీ జరిపితే ప్రతిసారీ వల కొద్దిగా వేరేచోట పడుతుంది. అలా వేసిన వందలో 95 వలలు చేపను పడతాయి. చేతిలో ఉన్న వల ఆ 95లోదో, మిగతా ఐదులోదో వేసినవాడికి తెలియదు.

ఈ ఇంటర్వల్‌ను చదవడంలో రెండు చివరలూ ముఖ్యం. కింది చివర 6 పాయింట్లంటే, ఎంత తగ్గించి చూసినా 17 మందికి మందు ఇస్తే ఒక ప్రాణం నిలుస్తుంది. పై చివర 34 అంటే ముగ్గురికి ఇస్తే ఒక ప్రాణం. రెండిటిలో ఏది నిజమైనా ఇంత తీవ్రమైన క్షయలో మందు ఇవ్వదగినదే. పైగా పరిధిలో సున్నా లేదు. 95 శాతం ఇంటర్వల్‌లో సున్నా లేకపోతే పి విలువ సాధారణంగా 0.05కన్నా తక్కువగానే ఉంటుంది. తేడాకు బదులు రిలేటివ్ రిస్క్ లాంటి నిష్పత్తి ఇచ్చినచోట సున్నాకు బదులు 1 ఉందా అని చూడాలి.

ఐదేళ్ల తర్వాత

అదే రోగులను ఐదేళ్లు గమనించినప్పుడు చిత్రం మారింది. మందు తీసుకున్న 55 మందిలో 32 మంది, తీసుకోని 52 మందిలో 35 మంది చనిపోయారు. 58 శాతం, 67 శాతం. తేడా 9 పాయింట్లకు పడిపోయింది. పేకముక్కలను ఈ లెక్కతో పంచితే, కనీసం ఇంత తేడా వందకు నలభైసార్లకు పైగానే వస్తుంది. అంటే పి విలువ 0.4 దాటింది.

దీన్ని చూసి ‘స్ట్రెప్టోమైసిన్ దీర్ఘకాలంలో పనిచేయదని రుజువైంది’ అంటే అది రెండో పెద్ద పొరపాటు. ఇంటర్వల్ చూస్తే విషయం తెలుస్తుంది. అది మందు వైపు 27 పాయింట్ల మేలు నుంచి, ఎదురు వైపు 9 పాయింట్ల కీడు దాకా పరుచుకుని ఉంది. అందులో సున్నా ఉంది, చాలా పెద్ద మేలు కూడా ఉంది. ఈ ఫలితం ‘తేడా లేదు’ అనడం లేదు, ‘తేల్చలేం’ అంటోంది. నిజంగానే 9 పాయింట్ల తేడా ఉన్నా, ఇంత చిన్న ట్రయల్ దాన్ని 0.05 గీత దాటించగలిగేది ఆరింట ఒకసారే. ఈ శక్తినే పవర్ అంటారు. అది 80 శాతం ఉండాలంటే ఒక్కో గుంపులో సుమారు 440 మంది కావాలి. రోగుల సంఖ్యను ట్రయల్‌కు ముందే లెక్కగట్టమనేది అందుకే.

తేడా ఎందుకు కరిగిందో గణాంకాలు చెప్పలేదు, ప్రయోగశాల చెప్పింది. ఒక్క మందే వాడటంతో చాలామంది రోగుల్లో క్షయ క్రిములు స్ట్రెప్టోమైసిన్‌కు లొంగకుండా తయారయ్యాయి. రెండు మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతికి దారి పడింది ఈ అనుభవంతోనే.

రాశిఫలాల పాఠం

పి విలువ ఎక్కువగా మోసపోయేది ఒకే డేటాను పదేపదే ముక్కలు చేసి చూసినప్పుడు. 1988లో వచ్చిన ఐసిస్-2 ట్రయల్‌లో గుండెపోటు అనుమానంతో చేరిన 17,187 మంది పాల్గొన్నారు. ఆస్పిరిన్ తీసుకున్నవారిలో ఐదువారాల లోపు గుండె, రక్తనాళాల మరణాలు 9.4 శాతం, తీసుకోనివారిలో 11.8 శాతం. ఇంత పెద్ద ట్రయల్ కాబట్టి యాదృచ్ఛికత మాటే తలెత్తలేదు. అయితే వయసు, మధుమేహం వంటి చిన్న గుంపులుగా విడదీసి ఫలితాలు చూపమన్న ఒత్తిడి వచ్చింది. దాని ప్రమాదం చూపడానికి పరిశోధకులు రోగులను పుట్టిన తేదీని బట్టి పాశ్చాత్య పద్ధతిలో పన్నెండు రాశులుగా కూడా విడగొట్టారు. మిథున, తులా రాశులవారికి ఆస్పిరిన్ మేలు చేయకపోగా కొంచెం కీడు చేసినట్టే వచ్చింది. మిగతా రాశులవారికి బ్రహ్మాండంగా పనిచేసినట్టు వచ్చింది. తులారాశి రోగికి ఆస్పిరిన్ ఆపే వైద్యుడు ఉండడు. కానీ అదే బలం ఉన్న ఆధారం ‘ఫలానా వయసు మహిళలకు పనిచేయలేదు’ అని వస్తే చాలామంది నమ్మేస్తారు. ఒకదానికొకటి సంబంధంలేని ఇరవై పోలికలు చేస్తే, ఏ గుణమూ లేకపోయినా కనీసం ఒకటి 0.05 దాటే అవకాశం 64 శాతం. అందుకే ఏ ఫలితాన్ని ప్రధానంగా చూస్తారో, ఏ గుంపులను పోలుస్తారో డేటా చూడకముందే రాసి పెట్టాలి.

పెద్ద ట్రయల్‌కు మరో చిక్కు కూడా ఉంది. వేలమంది ఉంటే రక్తపోటులో 1 మి.మీ. తగ్గుదల కూడా 0.001 పి విలువ తెచ్చుకోగలదు. పి విలువ చిన్నదైనంత మాత్రాన మేలు పెద్దదని కాదు. ఆ మేలు రోగికి లెక్కలోకి వచ్చేంతటిదా అన్నది ఇంటర్వల్‌లోని అంకెలను చూసి, మందు దుష్ఫలితాలతోనూ ఖర్చుతోనూ తూచి వైద్యుడే తేల్చుకోవాలి.

ఈ లెక్కలన్నిటికీ ఆధారం కవర్లే. ఎవరికి మందు ఇవ్వాలో వైద్యుడే ఎంచుకుని, కాస్త గట్టిగా ఉన్నవారిని మందు గుంపులోకి పంపి ఉంటే, నాలుగుకూ పద్నాలుగుకూ మధ్య తేడా అలాగే వచ్చేది, పి విలువా 0.009గానే ఉండేది. పేకముక్కలను నిజంగా కలిపారన్న నమ్మకం మీదే ఆ అంకె నిలబడుతుంది. కలపకుండా పంచిన ముక్కల లోపాన్ని ఏ పి విలువా, ఏ ఇంటర్వలూ పట్టుకోలేవు. అది తెలియాలంటే వ్యాసంలో ఫలితాల పట్టికకన్నా ముందు, రోగులను గుంపులుగా ఎలా పంచారో రాసిన భాగం చదవాలి.