రిబ్బను వెలిగించే ముందు

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో మొదటి అధ్యాయం, మొదటి కృత్యం మెగ్నీషియం రిబ్బనును కాల్చడం. దాని వర్క్‌షీటులో నాలుగైదు వాక్యాలకు మించి ఉండవు. చిన్న రిబ్బను ముక్కను గరుకు కాగితంతో రుద్దాలి, పటకారుతో పట్టుకుని స్పిరిట్ దీపం మీద కాల్చాలి, రాలిన బూడిదను వాచ్ గ్లాసులో పట్టాలి, మంటను కళ్లకు దూరంగా ఉంచాలి. ఆ వెంటనే పుస్తకం జవాబు కూడా చెప్పేస్తుంది: కళ్లు మిరుమిట్లు గొలిపే తెల్లని మంట, తెల్లని పొడి.

ఈ వాక్యాలు పటకారు చేతిలో ఉన్నవాళ్లను ఉద్దేశించి రాసినవి. చాలా బడుల్లో పటకారు ఒకటే, అది ఉండేది టీచరు చేతిలో. నలభై మంది పిల్లలు చూస్తూ కూర్చుంటారు. అలాంటప్పుడు వర్క్‌షీటును పైకి చదువుతూ ప్రయోగం చేసేస్తే పిల్లలకు మిగిలేది ఒక మెరుపు. 2004లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ బృందం భౌతికశాస్త్ర తరగతుల్లో ఇదే విషయాన్ని పరిశీలించింది. ప్రదర్శనను ఊరికే చూసినవాళ్లకు, అసలు చూడనివాళ్లకు అవగాహనలో పెద్దగా తేడా కనిపించలేదు. ఏం జరుగుతుందో ముందుగా ఊహించి చెప్పాక చూసినవాళ్లు మాత్రం మెరుగ్గా ఉన్నారు. ఊహించు, గమనించు, వివరించు అనే ఈ వరుసను అంతకుముందే రిచర్డ్ వైట్, రిచర్డ్ గన్‌స్టన్ 1992 నాటి తమ పుస్తకంలో వివరించారు.

అయితే మెగ్నీషియం విషయంలో ఒక చిక్కుంది. జాగ్రత్త చెప్పాలంటే వెలుగు విపరీతంగా ఉంటుందని ముందే చెప్పాలి. అది చెప్పేస్తే ఊహించడానికి మిగిలేదేమిటి? చెప్పకపోతే పిల్లలు మంటను సూటిగా చూస్తారు. ఆ వెలుగులో అతినీలలోహిత కిరణాలూ ఉంటాయి కాబట్టి అది కళ్లకు మంచిది కాదు. మామూలు ప్రయోగశాల కళ్లద్దాలు నిప్పురవ్వలను ఆపుతాయి గానీ ఆ కాంతిని ఆపలేవు. వర్క్‌షీటును ప్రదర్శన పాఠంగా తిరగరాయడంలో అసలు పని ఈ ముడి విప్పడమే. విప్పే దారి వరుసలో ఉంది. ముందు ప్రశ్న, తరువాత చేతుల లెక్క, ఆ తరువాతే హెచ్చరిక, చివరకు అగ్గిపుల్ల. పైగా ప్రశ్న వెలుగు గురించి కాకుండా, మంట ఆరాక మిగిలేదాని గురించి ఉండాలి. అప్పుడు హెచ్చరిక జవాబును బయటపెట్టదు.

తిరగరాతలో మొదటి మెట్టు వర్క్‌షీటులోని ప్రతి వాక్యాన్నీ చివరి బెంచీ నుంచి చూడటం. రిబ్బనును రుద్దితే అది మెరుస్తుంది. నిజమే, కానీ మూడు సెంటీమీటర్ల ముక్క మెరుపు ముందు వరుస దాటి కనిపించదు. అందుకని రెండు ముక్కలను, ఒకటి రుద్దినది, ఒకటి రుద్దనిది, నల్లటి అట్ట మీద పక్కపక్కనే టేపుతో అంటించి, పీరియడు మొదట్లోనే వరుసల మధ్య తిప్పాలి. అట్ట తిరుగుతుండగానే మొదటి ప్రశ్న వేయవచ్చు: ఈ బూడిదరంగు పొర లోహమా, లోహం మీద పట్టిన వేరే పదార్థమా? గాలి తగిలి ఏర్పడిన ఆక్సైడు పొర అది. ప్రశ్నకు రెండు నిమిషాలు చాలు. అట్ట మాత్రం మంట వెలిగించకముందే టీచరు చేతికి తిరిగి రావాలి. తిరిగి వచ్చిన ముక్కలు రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి, రిబ్బను ముక్క జేబులో ఇంటికి పోవడం కొత్తేమీ కాదు.

రెండో మెట్టు, చేశాక వెనక్కి తీసుకోలేని పనులు ఏవో గుర్తించడం. ఈ కృత్యంలో అలాంటివి రెండే: దీపం వెలిగించడం, రిబ్బనును మంటలో పెట్టడం. భద్రత కోసం ఆగవలసింది వీటికి ముందే. ప్రతి వాక్యం దగ్గరా ఆగి జాగ్రత్తలు చెబితే నాలుగోసారికి ఎవరూ వినరు.

మొదటి విరామం దీపానికి ముందు. సీలింగు ఫ్యాను ఆపాలి. ఫ్యాను గాలికి మంట వాలిపోతుంది, పొగ పిల్లల వైపు మళ్లుతుంది, తేలికైన బూడిద ఎగిరిపోతుంది. కిటికీలు తెరిచి ఉండాలి. ముందు వరుస రెండు మీటర్లు వెనక్కి జరగాలి. చున్నీ కొసలు, వదిలేసిన జుట్టు ముడివేసుకోవలసింది టీచరు మొదట, సాయానికి వచ్చిన విద్యార్థి తరువాత. బల్ల మీద పళ్లెంలో పొడి ఇసుక ఉండాలి, నీళ్ల బకెట్టు కాదు. వేడి మెగ్నీషియం నీటి ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. కార్బన్ డయాక్సైడులో సైతం అది మండుతూనే ఉంటుంది కాబట్టి గోడకు తగిలించిన ఆ రకం మంట ఆర్పే సిలిండరు కూడా ఇక్కడ పనికిరాదు.

వర్క్‌షీటులోని వాచ్ గ్లాసును ఇక్కడే మార్చడం మంచిది. మెగ్నీషియం మంట వేడి దాదాపు 3000 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. బూడిదతో పాటు మండుతున్న ముక్క రాలితే గాజు పగలవచ్చు. ఇసుక పళ్లెం మధ్యలో పింగాణీ గిన్నె పెడితే బూడిద శుభ్రంగా దొరుకుతుంది, గిన్నె పగిలినా నిప్పు ఇసుకలోనే ఆగుతుంది.

రెండో విరామానికి ముందు అసలు ప్రశ్న వస్తుంది. టీచరు కాగితం మీద ఆ భాగం ఇలా ఉండవచ్చు:

టీచరు: “ఈ లోహం ముక్కను మంటలో పెట్టి తీశాక పటకారు దగ్గర, కింది గిన్నెలో ఏం మిగులుతుంది? ఒకటి, ఇదే లోహం, కాస్త నల్లబడి. రెండు, కరిగి ముద్దయిన లోహం. మూడు, లోహంలా లేని మరో పదార్థం. నాలుగు, ఏమీ మిగలదు. మాట్లాడకుండా నోటుబుక్కులో అంకె రాయండి.”

(పదిహేను సెకన్ల మౌనం. చేతులు లెక్కించి నాలుగు అంకెలూ బోర్డు మీద వేయాలి. ఏది సరైనదో ముఖకవళికల్లో కూడా తెలియనివ్వకూడదు.)

టీచరు: “నాలుగో జవాబు రాసినవాళ్లలో ఒకరు ఎందుకో చెప్పండి.”

(కాగితం, కర్పూరం అన్న మాటలు వస్తాయి. సరిదిద్దకుండా వినాలి.)

టీచరు: “ఇప్పుడు పెన్నులు కింద పెట్టండి. వెలుగు చాలా ఎక్కువగా వస్తుంది. మంటను సూటిగా చూడొద్దు. నా వెనక గోడను చూడండి, మంట పక్కచూపులో కనిపిస్తుంది. ఆరిందని నేను చెప్పాకే గిన్నె వైపు చూడాలి. ఎక్కడ చూస్తారు?”

(తరగతి మొత్తం “గోడ” అనేదాకా రిబ్బను మంట దగ్గరకు పోకూడదు.)

పెన్నులు కింద పెట్టించడం క్రమశిక్షణ కోసం కాదు. మూడు సెంటీమీటర్ల రిబ్బను కొద్ది సెకన్లలో కాలిపోతుంది. రాసుకుంటూ తలవంచినవాళ్లకు అది కనబడదు, ఏమైందని ఉలిక్కిపడి సూటిగా చూసేదీ వాళ్లే. గమనించినది రాయడానికి మంట ఆరాక రెండు నిమిషాలు ఇవ్వాలి.

వర్క్‌షీటు అసలు ప్రస్తావించని సందర్భం ఒకటుంది: రిబ్బను అంటుకోకపోవడం. సరిగ్గా రుద్దకపోయినా, దీపం ఒత్తి పొట్టిగా ఉన్నా, రిబ్బను కొసను మంట పైభాగంలో కాకుండా ఒత్తి పక్కన పెట్టినా ఇలా జరుగుతుంది. అప్పుడు టీచరు ఏమైందోనని ముఖం దగ్గరగా వంచి చూస్తారు. సరిగ్గా అప్పుడే భగ్గుమంటుంది. ఈ కృత్యంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన క్షణం ఇదేననవచ్చు. అందువల్ల స్క్రిప్టులో ముందే రాసి ఉంచాలి: ఇరవై సెకన్లలో అంటుకోకపోతే పటకారును వెనక్కి తీసి, రిబ్బనును ఇసుక మీద పెట్టి, దీపానికి మూత పెట్టి ఆర్పాలి. కారణం వెతకడం ఆ తరువాతే. రుద్ది సిద్ధంగా ఉంచిన రెండో ముక్క డబ్బాలో ఉంటే పీరియడు వృథా కాదు. స్పిరిట్ దీపాన్ని ఊది ఆర్పకూడదు, వేడిగా ఉండగా స్పిరిట్ నింపకూడదు.

మంట ఆరాక గిన్నెలోది పిల్లలకు చూపే ముందు కనీసం రెండు మూడు నిమిషాలు చల్లారనివ్వాలి. ఆ సమయాన్ని బోర్డు మీది అంకెలకు వాడుకోవచ్చు. మూడో జవాబు సరైనదని చెప్పడం తేలిక. నాలుగు అన్నవాళ్ల ఊహ ఎందుకు కుదరలేదో మాట్లాడటంలోనే పాఠం ఉంది. కర్పూరం కాలితే వచ్చేవి వాయువులు, గాలిలో కలిసిపోతాయి. మెగ్నీషియం కాలితే వచ్చే మెగ్నీషియం ఆక్సైడు ఘనపదార్థం, అందుకే మిగులుతుంది. గిన్నెలో నల్లటి లేదా బూడిదరంగు ముక్క కనిపిస్తే అది సగం కాలిన లోహం కావచ్చు. దాన్ని పక్కకు తీసి, తెల్లపొడిని మాత్రమే తరువాతి దశకు వాడాలి.

ఆ దశలో పొడికి డ్రాపరుతో నీళ్లు కలుపుతారు. ఇక్కడ ప్రశ్న చిన్నది: లిట్మస్ కాగితాల్లో ఏది రంగు మారుతుంది, ఎరుపా, నీలమా, రెండూనా? ఎర్ర లిట్మస్ నీలంగా మారాలి. కానీ మెగ్నీషియం ఆక్సైడు నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. నీళ్లు ఎక్కువ పోస్తే, పొడి తక్కువైతే, కలపగానే కాగితం ముంచితే రంగు తేలదు. అయిదారు చుక్కలు చాలు. గాజు కడ్డీతో ఒక నిమిషం కలిపి, పొడికి తగిలేలా కాగితాన్ని ఆనించాలి. ఒక ముక్క నుంచి వచ్చే పొడి చాలదని అనుకుంటే ఇదే పద్ధతిలో రెండు మూడు ముక్కలను ముందుగానే కాల్చి ఉంచుకోవచ్చు, ఆ సంగతి పిల్లలకు చెప్పి మరీ.

ఒక ప్రశ్నను మాత్రం ఈ స్క్రిప్టులోంచి తీసేయవలసి ఉంటుంది. కాలిన తరువాత బరువు పెరుగుతుందా తగ్గుతుందా అన్నది రసాయనశాస్త్రంలో ఎంతో మంచి ప్రశ్న, పిల్లల్లో చాలామంది తగ్గుతుందనే అంటారు. కానీ ఊహించమన్న దానికి అదే పీరియడులో కళ్లెదుట జవాబు దొరకాలి, ఇక్కడ దొరకదు. మామూలు రిబ్బను మీటరు పొడవుకు సుమారు ఒక గ్రాము తూగుతుంది కాబట్టి మూడు సెంటీమీటర్ల ముక్క గ్రాములో నూరోవంతులు మూడు మాత్రమే. పైగా తెల్లటి పొగ రూపంలో ఆక్సైడు కొంత గాలిలోకి పోతుంది. ఇంత చిన్న బరువుతో త్రాసు తగ్గినట్టు చూపినా ఆశ్చర్యం లేదు, అప్పుడు పిల్లల పొరపాటు భావనకు ప్రయోగమే సాక్ష్యం చెప్పినట్టవుతుంది.

ఆ ప్రశ్నకు వేరే ప్రదర్శన, వేరే పరికరాలు కావాలి. ముప్పై సెంటీమీటర్ల రిబ్బనును వదులుగా చుట్టి మూత ఉన్న మూసలో పెట్టి, గ్యాస్ బర్నరు మీద వేడి చేస్తూ, గాలి అందేలా మధ్యమధ్య మూతను కొద్దిగా ఎత్తి దించుతారు. పొగ బయటికి పోకుండా చూడటమే అందులో కష్టం. మూసను పూర్తిగా చల్లారాకే తూచాలి, త్రాసు గ్రాములో నూరోవంతు చూపగలగాలి. 24 గ్రాముల మెగ్నీషియం పూర్తిగా కాలితే 40 గ్రాముల ఆక్సైడు వస్తుంది. ఆ లెక్కన మూసలోని 0.3 గ్రాములు అరగ్రాము దగ్గరకు చేరాలి.