చీర అమ్మింది అమ్మ, పన్ను పట్టుకున్నది యాప్: ఎందుకు?

ప్రశ్న: మా అమ్మ మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ప్రతినెలా లెక్కలో కమిషన్, కొరియర్ ఖర్చు పోగా ‘టీసీఎస్’ అని ఇంకొంత కోస్తున్నారు. చీరల మీద జీఎస్టీ అమ్మే కడుతోంది కదా, మళ్ళీ ఇదెందుకు? పన్ను వసూలు చేసే పని ప్రభుత్వానిది కదా, యాప్ వాళ్ళకెందుకు ఇచ్చారు?

జవాబు: అడగవలసిన ప్రశ్నే అడిగావు. ఒకే సొమ్ము మీద రెండుసార్లు పన్ను పడుతోందేమోనన్న అనుమానం పెద్దవాళ్ళకీ వస్తుంది. ముందు మీ అమ్మగారి లెక్కే ఒక నెలకి వేసి చూద్దాం. ‘ఎందుకు’ అన్నది ఆ తర్వాత సులువుగా అర్థమవుతుంది.

చీర ధర వెయ్యి రూపాయలనుకుందాం. దాని మీద 5 శాతం జీఎస్టీ అంటే 50 రూపాయలు. కొన్నావిడ 1,050 చెల్లిస్తుంది. ఆ నెలలో వంద చీరలు హైదరాబాద్‌కి వెళ్ళాయి, అందులో ఇరవై వెనక్కి వచ్చాయి. రంగు ఫోటోలో ఒకలా, చేతికొచ్చాక ఒకలా ఉందని తిప్పి పంపేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వచ్చినవి తీసేస్తే ఎనభై చీరలు, అంటే 80,000 రూపాయల అమ్మకం. టీసీఎస్ లెక్కగట్టేది దీని మీదే. జీఎస్టీని కలపరు, వాపసు వచ్చినవాటిని లెక్కలోకి తీసుకోరు. రేటు అర శాతం, కాబట్టి 400 రూపాయలు. యాప్ నడిపే కంపెనీ ఈ 400 మీ అమ్మగారికి ఇవ్వకుండా ఆపి, ఆవిడ జీఎస్టీ నంబరు పేరు మీద ప్రభుత్వానికి జమ చేస్తుంది.

ఇప్పుడు మీ అమ్మగారు కట్టవలసిన అసలు పన్ను చూద్దాం. 80,000 మీద 5 శాతం, అంటే 4,000. ఆవిడ ఆ చీరలను మగ్గాల యజమాని దగ్గర 50,000కి కొన్నప్పుడు 2,500 జీఎస్టీ ఇచ్చే ఉంటారు. అది తగ్గిస్తే మిగిలేది 1,500. (కమిషన్ మీద ఇచ్చిన జీఎస్టీ కూడా ఇలాగే తగ్గుతుంది. లెక్క తేలిగ్గా ఉండాలని దాన్ని పక్కన పెట్టాను.) యాప్ కట్టిన 400 అప్పటికే ఆవిడ పేరు మీద జమై ఉంది, దాన్ని తన ఖాతాలోకి తెచ్చుకుంటే చేతినుంచి కట్టేది 1,100 మాత్రమే. అంటే పన్ను రెండుసార్లు పడలేదు. కట్టవలసిన దాంట్లో కొంత ముందే వెళ్ళింది, అంతే.

మరి మొత్తం 1,500 ఎలాగూ ఆవిడే లెక్క చూసి కడుతున్నప్పుడు ఈ 400 కోసం ఇంత తతంగం దేనికి? నాకు తెలిసినంతలో ఇందులో అసలు సంగతి డబ్బు కాదు, కబురు. యాప్ కంపెనీ ప్రతినెలా జీఎస్టీఆర్-8 అనే పత్రం దాఖలు చేయాలి. ఏ నంబరు గల అమ్మకందారు ఎంత అమ్మారు, ఎంత వాపసు వచ్చింది, ఎంత ఆపాం అన్నది అందులో ఉంటుంది. దానికి గడువు మరుసటి నెల 10వ తేదీ. నెలనెలా లెక్క చూపే అమ్మకందారు తన అమ్మకాల వివరాలు ఇవ్వవలసింది 11వ తేదీకి, పన్ను కట్టవలసింది 20వ తేదీకి. వరస గమనించావా? అమ్మినవాళ్ళు నోరు విప్పకముందే వాళ్ళు ఎంత అమ్మారో పన్నుశాఖకి చేరిపోతోంది. ఆ తర్వాత ఎవరైనా 80,000 అమ్మి 50,000 అని రాస్తే తేడా కంప్యూటర్‌లోనే బయటపడుతుంది.

ఈ ఏర్పాటు 2018 అక్టోబరు 1న మొదలైనప్పుడు రేటు ఒక శాతం. 2024 జులై 10 నుంచి దాన్ని సగానికి, అంటే అర శాతానికి తగ్గించారు. కబురు అందడానికి ఒక శాతమైనా అర శాతమైనా ఒకటే. చిన్న వ్యాపారికి మాత్రం ఒకటి కాదు. వంద చీరల పెట్టుబడిలో ప్రతి రూపాయీ తిరుగుతూ ఉండాలి. ఆపిన సొమ్ము ఆవిడ ఖాతాలోకి వచ్చి ఉపయోగపడేదాకా ఆ మేరకు కొత్త సరుకు తెచ్చుకోవడం ఆగుతుంది. తగ్గించడం సబబైన పనే.

ఇక నీ రెండో ప్రశ్న. ఈ పని యాప్‌కే ఎందుకు అప్పగించారు?

చెరువు కింద రెండు వందల మడులున్నాయనుకో. ఎంత నీరు పారిందో తెలుసుకోవాలంటే గట్టుగట్టుకీ తిరిగి కొలవచ్చు, లేదా తూము దగ్గర నిలబడి ఒక్కసారి కొలవచ్చు. ఆన్‌లైన్ అమ్మకంలో తూము లాంటిది యాప్. లక్షలమంది అమ్మకందారుల ఇళ్ళకి అధికారులు వెళ్ళి పుస్తకాలు తిరగేయాలంటే జీతాలకే ఎంతో ఖర్చవుతుంది. ఇంట్లో ఒక గదిలో చీరలు పెట్టుకుని అమ్మే ఒక్కొక్కరి దగ్గర దొరికే పన్ను ఆ ఖర్చుకి సరిపోకపోవచ్చు. కంపెనీలు మాత్రం గుప్పెడే. వాటి దగ్గర ప్రతి ఆర్డరూ అప్పటికే కంప్యూటర్‌లో నమోదై ఉంటుంది. అర శాతం లెక్కగట్టే ఏర్పాటు ఒకసారి చేస్తే వంద ఆర్డర్లకైనా కోటి ఆర్డర్లకైనా అదే పనిచేస్తుంది.

అయితే తక్కువమంది ఉండటం ఒక్కటే కారణమైతే కొరియర్ కంపెనీలకో, ఫోన్ కంపెనీలకో కూడా ఈ పని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఎందుకంటే కొన్నావిడ ఇచ్చిన డబ్బు ముందు వచ్చి చేరేది యాప్ దగ్గరికి. డెలివరీ అబ్బాయి చేతికి నోట్లిచ్చినా అవీ అక్కడికే చేరతాయి. కొన్ని రోజులు అక్కడ ఆగి, కోతలన్నీ పోయాక మీ అమ్మగారి బ్యాంకు ఖాతాకి వస్తాయి. ఇతరుల డబ్బు చేతిలో ఉన్నవాడిని అందులో కొంత పక్కన పెట్టమనడం తేలిక. అందుకే చట్టం ఇక్కడొక గీత గీసింది. వెల యాప్ ద్వారా వసూలైతేనే టీసీఎస్. ప్రకటన మాత్రం చూపించి, ‘మీరూ మీరూ మాట్లాడుకుని డబ్బు ఇచ్చిపుచ్చుకోండి’ అనే చోట టీసీఎస్ లేదు.

ఇంకో కారణం మనుషుల స్వభావానికి సంబంధించింది. అమ్మకం తక్కువ చూపితే మిగిలే పన్ను అమ్మినవాళ్ళ జేబులోకి పోతుంది, యాప్‌కి పైసా రాదు. పైగా కమిషన్ వసూలు చేసుకోవాలంటే ప్రతి అమ్మకాన్నీ కచ్చితంగా రాసుకోవాలి. అబద్ధం వల్ల లాభం లేనివాడి పుస్తకం మీద ప్రభుత్వం ఆధారపడటంలో వింతేముంది?

ఇదే ఆలోచన హోటళ్ళ విషయంలో ఇంకో అడుగు ముందుకు వేసింది. ఫుడ్ డెలివరీ యాప్‌లో దోసె తెప్పించుకుంటే 5 శాతం జీఎస్టీ కడతాం. మునుపు ఆ డబ్బు హోటల్‌కి చేరేది, హోటల్ ప్రభుత్వానికి కట్టాలి. కట్టనివాళ్ళు కొందరుండేవారు. 2021 సెప్టెంబరులో లక్నోలో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం దీన్ని మార్చాలని నిర్ణయించింది. 2022 జనవరి 1 నుంచి మామూలు రెస్టారెంట్ల ఆన్‌లైన్ ఆర్డర్ల మీద పన్ను కట్టవలసిన బాధ్యత యాప్‌దే. దోసె వేసింది హోటలే అయినా, పన్ను విషయంలో అమ్మింది యాపే అన్నట్టు చట్టం చూస్తుంది. చీరల దగ్గర యాప్ కొంత ఆపి కబురు చెబుతుంది, మిగతాది అమ్మినవాళ్ళే కట్టుకోవాలి. దోసె దగ్గర మొత్తం యాపే కట్టాలి.

దీనివల్ల చిన్నవాళ్ళకి ఒక ఇబ్బంది కూడా వచ్చింది. ఏడాదికి 20 లక్షలు దాటని టిఫిన్ సెంటర్‌కి జీఎస్టీ నమోదే అక్కర్లేదు. ఆ ఇడ్లీని దుకాణం దగ్గర తింటే పన్ను లేదు, యాప్‌లో తెప్పించుకుంటే ఉంది. తూము దగ్గర కొలిచేవాడికి ఏ మడి చిన్నదో కనబడదు మరి.

వస్తువులమ్మే చిన్నవాళ్ళకూ ఇలాంటి బాధ ఉండేది. ఇలాంటి యాప్‌లో సరుకు పెట్టాలంటే అమ్మకం ఎంత తక్కువైనా జీఎస్టీ నంబరు తీసుకోవాల్సిందేనన్నారు. 2023 అక్టోబరు 1 నుంచి కొంత వెసులుబాటు ఇచ్చారు. నమోదు పరిమితికి లోబడినవాళ్ళు ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని యాప్ ద్వారా అమ్ముకోవచ్చు, వాళ్ళ దగ్గర టీసీఎస్ ఆపరు. కానీ సొంత రాష్ట్రంలోనే అమ్మాలి. మంగళగిరి నుంచి విశాఖకి పంపవచ్చు, హైదరాబాద్‌కి కుదరదు. మీ అమ్మగారికి జీఎస్టీ నంబరు ఎందుకు తప్పలేదో ఇప్పుడు తెలిసిందిగా.

అమెరికాలో మీ బంధువులెవరైనా ఇలా అమ్ముతుంటే వాళ్ళ అనుభవం ఇంకోలా ఉంటుంది. అక్కడ అమ్మకం పన్ను రాష్ట్రానికొక తీరు, చాలాచోట్ల కౌంటీకీ ఊరికీ కూడా వేరువేరు రేట్లు. వేరే రాష్ట్రంలో దుకాణమో గోదామో లేనివాళ్ళ చేత కూడా ఆ రాష్ట్రం పన్ను వసూలు చేయించవచ్చని 2018లో సౌత్ డకోటా, వేఫెయిర్ కేసులో వాళ్ళ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అన్ని రేట్లు ఒక చిన్న వ్యాపారి ఎక్కడ చూసుకోగలడు? అందుకని అమ్మకం పన్ను ఉన్న రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి ఆ బాధ్యతను మార్కెట్‌ప్లేస్ మీదే పెట్టాయి. మన దోసె పద్ధతి అక్కడ దాదాపు అన్ని వస్తువులకీ ఉందన్నమాట.

మళ్ళీ మంగళగిరికి వద్దాం. ఈ ఏర్పాటులో కొన్ని కంతలున్నాయి. అదే చీరను మీ అమ్మగారు వాట్సాప్‌లో ఫోటో పెట్టి, ఫోన్‌కి డబ్బు వేయించుకుని అమ్మితే మధ్యలో తూము లేదు. సొంత వెబ్‌సైట్ పెట్టి సొంత సరుకు అమ్ముకున్నా అంతే, టీసీఎస్ ఉండదు. టీసీఎస్ లేనంత మాత్రాన పన్ను లేనట్టు కాదు. జీఎస్టీ నంబరు ఉన్నవాళ్ళు ఆ అమ్మకాన్నీ తమంతట తాము చూపించి కట్టాలి.

చివరగా, మీ ఇంట్లో చూసుకోవలసిన సంగతి ఒకటుంది. యాప్ కట్టిన 400 దానంతటది మీ అమ్మగారి చేతికి రాదు. జీఎస్టీ పోర్టల్‌లో ‘TDS and TCS Credit Received’ అనే పేజీ తెరిచి, ఒక్కో కంపెనీ చూపిన మొత్తాన్ని ఒప్పుకుని దాఖలు చేస్తేనే అది నగదు ఖాతాలోకి వస్తుంది. ఒప్పుకునే ముందు యాప్ ఇచ్చిన నెలవారీ లెక్కతో పోల్చండి. వాపసు వచ్చిన ఇరవై చీరలు తీసేశారా లేదా అన్నదే ఎక్కువగా తేడా వచ్చే చోటు. తీసేయకపోతే అక్కడ 400కి బదులు 500 కనబడుతుంది. అప్పుడు వంద ఎక్కువ వచ్చిందని సంతోషించి ఒప్పుకోవద్దు, ఎందుకంటే దాని వెనుక 1,00,000 అమ్మకం మీ అమ్మగారి పేరు మీద నమోదై ఉంటుంది. దాన్ని తిరస్కరించి, కంపెనీకి రాసి సరిచేయించుకోవాలి. లెక్క సరిగ్గా ఉండి చాలా నెలలుగా ఆ పేజీ తెరవకపోయి ఉంటే మాత్రం, కోసిన సొమ్మంతా అక్కడే వరసగా మీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఒప్పుకుని తెచ్చుకోండి. కట్టవలసిన పన్నుకి పోగా నగదు ఖాతాలో ఇంకా మిగిలితే దాన్ని వాపసు అడిగే వీలు కూడా ఆ పోర్టల్‌లోనే ఉంది.